జిమ్ ఓనర్‌కి పార్ట్‌నర్‌షిప్ మెసేజ్ ఎలా రాయాలి?

కొన్నేళ్లు ట్రైనర్‌గా చేశాక నేను ఒక జిమ్‌లో కౌంటర్ చూసుకున్నాను. ఫీజుల రిజిస్టర్ పక్కనే ఓనర్ ఫోన్ ఉండేది. బయటి ట్రైనర్ల నుంచి వచ్చే మెసేజ్‌లు ఆయన నాకు చూపించేవారు. దాదాపు అన్నీ ఇలాగే ఉండేవి: "హాయ్ సర్, నేను సర్టిఫైడ్ ట్రైనర్‌ని, ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్, మీతో కలిసి పనిచేయాలని ఉంది, ఒక్క అవకాశం ఇవ్వండి." ఓనర్ చదివి, "ఉద్యోగం కావాలట, మన దగ్గర ఖాళీ లేదుగా" అని ఫోన్ పక్కన పెట్టేసేవారు. రాసినవాళ్లలో చాలామందికి ఉద్యోగం అక్కర్లేదు. సొంత క్లయింట్లతో ఒక బ్యాచ్ నడపడానికి చోటు కావాలి. ఆ మాట మెసేజ్‌లో లేకపోతే ఓనర్‌కి ఎలా తెలుస్తుంది?

అలాంటి ఒక బ్యాచ్‌నే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చూద్దాం. విజయవాడ సత్యనారాయణపురం లాంటి పేటలో ఒక ట్రైనర్ ఉంది అనుకోండి. ఇళ్లకు వెళ్లి గృహిణులకు వ్యాయామం నేర్పుతోంది. వాళ్లకిప్పుడు బరువులు, మెషీన్లు కావాలి. దగ్గర్లోని జిమ్‌లో ఒక గంట అడగాలనుకుంటోంది.

1. రాసేముందు మూడు రోజులు వెళ్లి చూడండి

కాలనీ జిమ్‌లు తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం ఆఫీసులు వదిలాక కిటకిటలాడతాయి. పది దాటాక సాయంత్రం దాకా చాలాచోట్ల ఫ్యాన్లు తిరగడమే. అద్దె, మెషీన్ల ఈఎంఐ, కౌంటర్ మనిషి జీతం మాత్రం ఆ గంటల్లో కూడా నడుస్తూనే ఉంటాయి. మీరు అడగాల్సింది ఆ ఖాళీ గంటనే.

అయితే "మధ్యాహ్నం ఖాళీగా ఉంటుందిగా" అని ఊహించి రాయకండి. వన్‌డే పాస్ ఉంటే తీసుకోండి, లేదంటే ఫీజు వివరాలు కనుక్కోవడానికి వెళ్లినట్టే వెళ్లి ఒక సోమవారం, బుధవారం, శుక్రవారం పదిన్నరకి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మన ట్రైనర్‌కి ఆ మూడు రోజుల్లో నలుగురు, ముగ్గురు, ఐదుగురు కనిపించారు. పిల్లల్ని స్కూలుకి పంపి, వంట ముగించిన గృహిణులకు కూడా వీలయ్యే సమయం అదే. పదిన్నర నుంచి పదకొండున్నర ఇద్దరికీ కుదిరింది.

అక్కడున్నప్పుడే ఇంకొకటి గమనించండి. జిమ్ ట్రైనర్లు ఆ గంటలో ఎవరికైనా పర్సనల్ ట్రైనింగ్ ఇస్తున్నారా? చాలా జిమ్‌లలో వాళ్ల జీతం తక్కువే, పీటీలో వచ్చే వాటాయే అసలు ఆదాయం. బయటి మనిషి వస్తే ముందు కంగారు పడేది వాళ్లు. వాళ్లు ఓనర్ చెవిలో ఒక మాట వేస్తే మీ మెసేజ్ ఎంత బాగున్నా పని జరగదు.

2. డబ్బు లెక్క ముందు మీ నోట్‌బుక్‌లో వేసుకోండి

ఓనర్‌కి డబ్బు ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి నెలకింత అని స్థిరమైన అద్దె, రెండోది వచ్చిన ఫీజులో వాటా. కొత్త బ్యాచ్‌కి వాటాయే మేలని నా అభిప్రాయం. ఎందుకో ఈ లెక్కలో చూడండి.

వారానికి మూడు రోజులు, నెలకి పన్నెండు క్లాసులు, ఒక్కొక్కరికి ఫీజు ₹2,000. ఇప్పటికే సరేనన్నవాళ్లు ఐదుగురు, అంటే నెలకి ₹10,000. జిమ్‌కి 40 శాతం ఇస్తే వాళ్లకి ₹4,000, ట్రైనర్‌కి ₹6,000. ఒకరు మానేసి నలుగురే మిగిలితే జిమ్‌కి ₹3,200, ట్రైనర్‌కి ₹4,800, అంటే క్లాసుకి ₹400. అదే ₹5,000 అద్దెకి ఒప్పుకుని ఉంటే నలుగురున్న నెలలో ఆమెకి మిగిలేది ₹3,000, క్లాసుకి ₹250. రానూపోనూ పెట్రోలు తీస్తే ఆ గంట ఇంకో ఇంటికి వెళ్లడమే నయమనిపిస్తుంది, రెండో నెలకే బ్యాచ్ ఆగిపోతుంది. ఎనిమిది మంది నిండాక మాత్రం అద్దె మీకు లాభం కావచ్చు. అప్పుడు మళ్లీ మాట్లాడుకోవచ్చు.

ఈ శాతాలు ఎక్కడా రాసిపెట్టిన నియమాలు కావు. మీ ఊళ్లో ఏం నడుస్తోందో తోటి ట్రైనర్లని అడగండి. మెసేజ్‌లో మాత్రం ఇప్పుడు చేతిలో ఉన్న ఐదుగురి లెక్కే రాయాలి. "ఇరవై మందిని తెస్తాను" అన్న మాట ఓనర్లు ఇదివరకే చాలాసార్లు విని ఉంటారు.

3. ఆయన అడగని భయానికి జవాబివ్వండి

మెసేజ్ మొత్తంలో బరువైన భాగం ఇదే. బయటి ట్రైనర్ అనగానే ఓనర్ మనసులోకి ముందుగా వచ్చే ప్రశ్న: "వీళ్లు నాలుగు నెలలుండి నా మెంబర్లని పట్టుకుపోతే?" ఇది ఉత్తి అనుమానం కాదు. నేను కౌంటర్‌లో ఉన్నప్పుడే ఒకతను మా మెంబర్ల నంబర్లు తీసుకుని, తర్వాత ఎదురు వీధిలో సొంత బ్యాచ్ పెట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన మంచి ట్రైనర్లకి కూడా మా ఓనర్ తలుపు తీయలేదు.

కాబట్టి ఆయన అడగకముందే ఎవరి క్లయింట్లు ఎవరివో చెప్పండి. మీతో వచ్చే ఐదుగురి పేర్లు మొదటిరోజే రాసి ఇవ్వండి. వాళ్లు మీవాళ్లు. ఆ లిస్టులో లేకుండా జిమ్ ద్వారా చేరినవాళ్లు జిమ్ వాళ్లు. ఫీజు కూడా మీ ఫోన్‌పేకి కాకుండా కౌంటర్‌లోనే కట్టించి, జిమ్ రసీదు ఇప్పించండి. డబ్బు తన చేతి మీదుగా వెళ్తుంటే ఓనర్‌కి లెక్క మీద అనుమానం రాదు. మీకు మాత్రం వాటా ఏ తేదీకి అందుతుందో ముందే తేల్చుకోవాలి.

4. ఇప్పుడు మెసేజ్ రాయండి

ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. అందుకే పలకరింపు అవ్వగానే అడిగేది రావాలి. సర్టిఫికెట్ వివరం ఒక్క వాక్యం చాలు, అది కూడా చివర్లో. పరిచయం లేని ఓనర్‌ని "అన్నా" అనీ "బ్రో" అనీ పిలవకండి. పేరు తెలిస్తే "గారు", తెలియకపోతే "సర్". మన ట్రైనర్ మెసేజ్ ఇలా ఉంటుంది:

> నమస్తే సర్. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 10:30 నుంచి 11:30 వరకు మీ జిమ్‌లో ఐదుగురు మహిళల బ్యాచ్ నడపడానికి మీ అనుమతి అడుగుతున్నాను.
>
> నేను మన పేటలోనే ఇళ్లకు వెళ్లి ట్రైనింగ్ ఇస్తున్నాను. ఆ టైమ్‌లో మూడు రోజులు మీ జిమ్‌కి వచ్చి చూశాను, ఫ్లోర్ మీద ముగ్గురి నుంచి ఐదుగురు ఉన్నారు. మీ మెంబర్లకి, మీ ట్రైనర్ల పీటీకి ఇబ్బంది లేకుండా ఒక పక్కనే చేయించుకుంటాను. ఎనిమిది మందికి మించి తీసుకోను.
>
> ఫీజు ఒక్కొక్కరికి నెలకి ₹2,000, మీ కౌంటర్‌లోనే కడతారు. అందులో 40 శాతం జిమ్‌కి అనుకుంటున్నాను. ఐదుగురితో మొదలైతే మీకు నెలకి ₹4,000 వస్తుంది. నాతో వచ్చేవాళ్ల పేర్లు మొదటిరోజే రాసి ఇస్తాను. మీ మెంబర్లలో ఎవరికీ విడిగా ట్రైనింగ్ ఇవ్వను.
>
> నాకు ట్రైనర్ సర్టిఫికెట్, సీపీఆర్ సర్టిఫికెట్ ఉన్నాయి, వచ్చినప్పుడు చూపిస్తాను. ముందు రెండు నెలలు చూద్దాం, నచ్చకపోతే ఆపేద్దాం సర్.
>
> గురువారం గానీ శుక్రవారం గానీ మధ్యాహ్నం 12 తర్వాత పది నిమిషాలు వచ్చి మాట్లాడవచ్చా?

"మీ జిమ్ ఖాళీగా ఉంటోంది కదా" అని ఆమె ఎక్కడా అనలేదు. చూసిన సంఖ్య మాత్రమే చెప్పింది. ఓనర్‌కి తన జిమ్ ఖాళీ సంగతి తెలుసు, పరాయి మనిషి నోట వింటే నొచ్చుకుంటారు. "అనుకుంటున్నాను" అన్న మాట బేరానికి చోటు వదిలింది. చివరి ప్రశ్నకి "రండి" అన్న ఒక్క మాట జవాబిస్తే సరిపోతుంది.

మెసేజ్‌తో పీడీఎఫ్‌లు, ముందు-తర్వాత ఫొటోలు పంపకండి. క్లయింట్ల ఫొటోలు వాళ్ల అనుమతి లేకుండా ఎవరికీ పంపకూడదు. ముఖ్యంగా మహిళల బ్యాచ్ అయితే ఆ ఒక్క పనితోనే మీ మీద నమ్మకం పోతుంది.

5. ఎప్పుడు పంపాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి

ఉదయం రద్దీ తగ్గి ఓనర్ లెక్కలు చూసుకునే వేళ, పదకొండు నుంచి రెండు మధ్య పంపండి. ఫీజులు వసూలు చేసే నెల మొదటి రోజులు, కొత్త మెంబర్లు క్యూ కట్టే జనవరి మొదటివారం వద్దు.

నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే నాలుగైదు రోజులు ఆగి ఒక్క లైన్ రాయండి: "సర్, బ్యాచ్ గురించి రాశాను, వీలైనప్పుడు చెప్పండి." దానికీ జవాబు లేకపోతే ఇంకో జిమ్ చూసుకోండి. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే రేపు వేరే పనికి కూడా ఆ తలుపు మూసుకుంటుంది. "చూద్దాం" అంటే మన దగ్గర చాలాసార్లు కాదనే అర్థం. "ఎంతమంది వస్తారు, ఏసీ వేయాలా, మెషీన్ పాడైతే ఎవరు చూస్తారు" అని అడిగారంటే ఆయన ఆలోచిస్తున్నట్టే.

ఒక్కోసారి "బ్యాచ్ ఎందుకమ్మా, మా దగ్గరే జీతానికి చేరిపో" అంటారు. అప్పుడు ఇంటి బ్యాచ్‌లు మానుకోలేని సంగతి చెప్పి, "ఈ ఒక్క గంట వరకే అడుగుతున్నాను సర్" అని మర్యాదగా అసలు మాటకి రండి. అక్కడికక్కడే అవుననో కాదనో అనేయక్కర్లేదు.

6. సరే అన్న రోజే కాగితం మీద పెట్టండి

కలిసి మాట్లాడిన సాయంత్రమే, ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో రాసి పంపి "ఇలాగే అనుకున్నాం కదా సర్" అని అడగండి. రోజులు, గంట, ఎంతమంది, వాటా, ప్రతినెలా ఐదో తారీఖున లెక్క, ఆపాలంటే పదిహేను రోజుల ముందు చెప్పడం. బ్యాచ్ మొదలయ్యేలోగా అవే మాటలు ఒక పేజీ మీద రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు.

ఆ పేజీలో ఒక లైన్ ఆరోగ్యం గురించి ఉండాలి. బ్యాచ్‌లో చేరే ప్రతి ఒక్కరి దగ్గరా బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పి, పాత ఆపరేషన్లు, గర్భం, వ్యాయామంలో ఎప్పుడైనా ఛాతీ నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ వచ్చిందా అన్న ప్రశ్నలతో ఒక ఫారం నింపించండి. దేనికైనా అవునని ఉంటే డాక్టర్ సరేనన్నాకే బరువు పట్టించండి. ఫారం ఒక కాపీ జిమ్ ఫైల్లో ఉంచండి. ఆ మహిళలకి ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే.