యూట్యూబ్ వీడియో వివరణ మొదటి లైన్లను ఆర్డర్ నంబరే తినేస్తుంటే

సమస్య: ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మే యూట్యూబ్ ఛానెల్ అనుకుందాం. కంప్యూటర్‌లో వెతికితే ఏ వీడియో కింద చూసినా ఒకటే ముక్క: "నమస్కారం అండీ, మా ఛానెల్‌కి స్వాగతం. ఆర్డర్ల కోసం వాట్సాప్ చేయండి, సబ్‌స్క్రైబ్…". వీడియో దేని గురించో అందులో లేదు.

కారణం: చాలాసార్లు తప్పు ఆ వీడియోలో ఉండదు, సెట్టింగ్‌లో ఉంటుంది. యూట్యూబ్ స్టూడియోలో `Settings → Upload defaults` కింద ఒకసారి రాసిపెట్టిన వివరణ, కొత్తగా ఎక్కించే ప్రతి వీడియోకీ ముందే వచ్చి కూర్చుంటుంది. అసలు విషయాన్ని దాని కిందే రాస్తాం. వివరణకు 5000 అక్షరాల చోటున్నా, వెతికినప్పుడు కనపడేది మొదటి ఒకటి రెండు లైన్లే.

పరిష్కారం: ఆ డిఫాల్ట్ వివరణలో పైన వీడియో సారాంశం కోసం రెండు ఖాళీ లైన్లు వదిలి, వాట్సాప్ చేయమనే పిలుపును కిందికి దించండి. ఇది ఇకమీదట ఎక్కించేవాటికే వర్తిస్తుంది. పాతవి `Content` లోకి వెళ్లి సరిచేసుకోవాలి; ఎక్కువ మంది చూసేవాటితో మొదలుపెడితే చాలు.

సారాంశం పైకొచ్చినా అర్థం కావడం లేదా? ఇది మన తెలుగుతో వచ్చే చిక్కు. క్రియ వాక్యం చివర ఉంటుంది కాబట్టి, వాక్యం పొడుగైతే తెగిపోయేది సరిగ్గా ఆ చివరే. "ఉదయగిరిలో చేతితో చెక్కిన గరిటెలు కొన్న తర్వాత పగుళ్లు రాకుండా…" అని ఆగితే, ఏం చేయాలో చెప్పనట్టే. చెప్పాల్సింది ముందుకు లాగి, వాక్యాన్ని ఏడెనిమిది మాటల్లో ముగించండి:

```
చెక్క గరిటె పగలకూడదంటే నీళ్లలో నానబెట్టొద్దు.
కడిగి, నీడన ఆరబెట్టి, కొబ్బరి నూనె రాయండి.

ఈ గరిటెలు కావాలంటే వాట్సాప్ చేయండి:
https://wa.me/91XXXXXXXXXX
```

సారాంశానికీ పిలుపుకీ మధ్య ఖాళీ లైను ఉంచండి. "ఈ గరిటెలు" అనడంలో పని ఉంది: వీడియోలో చూసిన వస్తువుకే పిలుపు ముడిపడుతుంది. సబ్‌స్క్రైబ్, లైక్, షేర్, ఆర్డర్ నాలుగూ ఒకచోట పోస్తే చదివేవాళ్లు ఏదీ చేయరు. అమ్మకమే మీ పనైతే ఆర్డర్ ఒక్కటే ఉంచండి.

కిందికి దించాక ఆర్డర్లు తగ్గాయా? ముందు లింకు నొక్కి చూడండి. `wa.me` తర్వాత 91, వెంటనే పది అంకెలు ఉండాలి. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో గీతలు ఉండకూడదు. లింకు బాగానే ఉంటే, అదే వాక్యాన్ని కామెంట్‌గా పెట్టి పిన్ చేయండి. వివరణ తెరవనివాళ్లకూ దొరుకుతుంది. షార్ట్స్‌లో మాత్రం వివరణలోని లింకు గానీ కామెంట్‌లోది గానీ నొక్కినా తెరుచుకోదు, అక్కడ నంబరు వీడియోలోనే చూపించాలి.