రాత్రిపూట ఒక్క వీడియో సైటే ఆగి ఆగి వస్తుంటే

రాత్రి తొమ్మిది దాటాక నెట్‌ఫ్లిక్స్ మాత్రమే మసకబారి, మిగిలిన సైట్లు చక్కగా తెరుచుకుంటుంటే, రౌటర్ మార్చే ముందు speedtest.net, fast.com రెండింటినీ వెంటవెంటనే నడిపి చూడండి. మొదటిది సాధారణంగా మీ ప్రొవైడర్‌కు దగ్గరలోని సర్వర్‌తో వేగాన్ని కొలుస్తుంది. రెండోది నెట్‌ఫ్లిక్స్ సొంత సర్వర్ల నుంచి కొలుస్తుంది. మొదటిది 95, రెండోది 6 ఎంబీపీఎస్ చూపించి, తెల్లవారుజామున రెండూ దాదాపు సమానమైతే, మీ ప్రొవైడర్ నెట్‌వర్కు, నెట్‌ఫ్లిక్స్ నెట్‌వర్కు కలిసే పీరింగ్ లింకు రద్దీవేళ నిండిపోతున్నదని అనుమానించవచ్చు. అదే సమయంలో వీపీఎన్ పెట్టి డేటా వచ్చే దారి మార్చినప్పుడు fast.com అంకె పెరిగితే అనుమానం బలపడుతుంది, అయితే ప్రొవైడరే ఆ సైటు వేగాన్ని తగ్గిస్తున్నా ఇలాగే కనిపిస్తుంది. ఖరీదైన ప్లాన్‌తో ఇది తీరదు. వేళలు కనిపించే స్క్రీన్‌షాట్లు జతచేసి, ఫిర్యాదును నెట్‌వర్క్ విభాగానికి పంపమని ప్రొవైడర్‌ను స్పష్టంగా కోరండి.