ఇంటి రుణం విడుదలకూ కాంట్రాక్టరు చెల్లింపులకూ పొంతన కుదుర్చుకొనే దరఖాస్తు విధానం

సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి దరఖాస్తు చేసేవారు స్థలం దస్తావేజులు, విశాఖ నగరపాలక సంస్థ అయిన జీవీఎంసీ ఆమోదించిన ప్లాను, ఆదాయ రుజువులు, ఇంజినీరు సంతకం చేసిన అంచనా పత్రం ఇస్తే అర్హతను బట్టి రుణం మంజూరవుతుంది. చిక్కంతా ఆ తరువాతే వస్తుంది. కాంట్రాక్టరు ప్రతి దశ మొదలయ్యే ముందే డబ్బు అడుగుతాడు. బ్యాంకు మాత్రం సాధారణంగా ఆ దశ పూర్తయ్యాక, తన ఇంజినీరు వచ్చి చూసి నివేదిక ఇచ్చాకనే విడుదల చేస్తుంది.

మధురవాడలో 40 లక్షల అంచనాతో ఇల్లు మొదలుపెట్టిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. రుణం 30 లక్షలు, సొంత వాటా 10 లక్షలు. ముందుగా సొంత వాటా ఖర్చయిన తరువాతే, అదీ జరిగిన పని విలువ మేరకే, సొమ్ము ఇస్తామని మంజూరు లేఖలో ఉంది. పునాది నుంచి ప్లింతు వరకు 8 లక్షలు అయ్యాయి కనుక చేతిలో మిగిలినవి 2 లక్షలే. పిల్లర్లకూ శ్లాబుకూ కలిపి 12 లక్షలు ముందే కావాలని కాంట్రాక్టరుతో ఒప్పందంలో ఉంటే, శ్లాబు పడేదాకా బ్యాంకు నుంచి ఒక్క రూపాయీ రాదు కాబట్టి ఆ 10 లక్షల లోటును వడ్డీకి తెచ్చి పూడ్చవలసి వస్తుంది.

అందుకే ఒప్పందం మీద సంతకం చేయకముందే ఈ 12 లక్షలను మూడు ముక్కలు చేయించుకోవాలి: పిల్లర్లు లేచాక 4 లక్షలు, సెంట్రింగు వేసి ఊచలు కట్టాక 4 లక్షలు, కాంక్రీటు పోశాక 4 లక్షలు. ఈ విభజనను దరఖాస్తు సమయంలోనే అంచనా పత్రంలో చూపి, మంజూరు లేఖలోనూ రాయమని అడగాలి. అప్పుడు కాంట్రాక్టరు ఒక్కసారికి 4 లక్షల పనికి మించి తన పెట్టుబడి పెట్టనక్కరలేదు కనుక సాధారణంగా ఒప్పుకుంటాడు. ఊచల దశలో తనిఖీ జరిగితే ఇంకొక మేలుంది. కాంక్రీటు పడ్డాక ఊచ మందం, ఎడం ఎవరికీ కనిపించవు.

కొండవాలు స్థలాల్లో రాయి పగలగొట్టించడం, రక్షణ గోడ కట్టించడం అంచనాలో లేకపోతే, ఎంత ఖర్చయినా బ్యాంకు లెక్కలోకి రావు. ఆమోదిత ప్లానుకు భిన్నంగా గదిని ముందుకు జరిపినా తనిఖీలో విడుదల ఆగిపోవచ్చు.

పని పూర్తికాకముందే పూర్తయినట్లు నివేదిక తెప్పిస్తామని కొందరు మధ్యవర్తులు తిరుగుతుంటారు. అలా వచ్చిన సొమ్ముకు వడ్డీ విడుదలైన రోజు నుంచే మొదలవుతుంది, కాంట్రాక్టరు పని వదిలి వెళ్లినా అప్పు మాత్రం రుణగ్రహీత పేరుననే ఉంటుంది. విడుదల కోరే లేఖను ఖాళీగా సంతకం చేసి ఎవరికీ ఇవ్వకండి. ప్రతి దశ ఫోటోలు, కాంట్రాక్టరు రశీదులు, బ్యాంకు బదిలీ వివరాలు దగ్గర ఉంచుకొన్నవారికి తనిఖీ ఆలస్యమైనా బ్రాంచిలో లిఖితపూర్వకంగా అడగడం తేలిక. చివరి చెల్లింపులో కొంత భాగాన్ని నీటి లీకేజీ, వైరింగు పరీక్షలు అయ్యాకే ఇస్తామని ఒప్పందంలోనే రాయించుకోవాలి.