కథ చివరి మలుపు పండట్లేదా? మొదటి రెండు పేజీలు విప్పి చూడండి

కథ చదివినవాళ్లు మలుపు దగ్గర మామూలుగా మూడు మాటల్లో ఒకటి అంటారు. "ఇదెక్కడి నుంచి ఊడిపడ్డది?" లేదా "నాకు ముందే తెలుసు." లేదా "ఆగు ఆగు, ఇది ముందు ఎక్కడ చెప్పినవ్?" మనం వెంటనే చివరి పేజీ పట్టుకుని తిప్పి తిప్పి రాస్తాం. కానీ తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడ ఉండదు, ముందు నాటాల్సిన చిన్న వివరంలో ఉంటుంది.

ఒకే కథ పెట్టుకుని చూద్దాం. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊరు, 2005 ప్రాంతం. పదకొండేళ్ల వయసులో ఇల్లు విడిచి బొంబాయి పక్కన భీవండి మగ్గాలకు పోయిన పిల్లగాడు చాన్నాళ్లకు తిరిగొస్తాడు. తల్లి, పెళ్లి కావాల్సిన చెల్లె మురిసిపోతారు. చివరికి తేలేదేమంటే, వచ్చినవాడు ఆ కొడుకు కాదు, ఆ సంగతి తల్లికి మొదటి రోజే తెలుసు, తెలిసే ఉంచుకుంది. ఆధారం వాడి పళ్లు.

నల్లగొండ నీళ్ల సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు పసితనంలో తాగితే, చిగుళ్ల లోపల తయారవుతున్న పంటి పైపొర దెబ్బతిని, పళ్లు మచ్చలతో మొలుస్తాయి, ఫ్లోరైడ్ బాగా ఎక్కువైన చోట ఆ మచ్చలు పోనుపోను గోధుమ రంగుకు తిరుగుతాయి. పైపొరకు ఆ దెబ్బ తగిలేది సుమారు ఎనిమిదేళ్ల లోపే. ఆ తర్వాత ఊరు మారినా, నీళ్లు మారినా, ఏ పేస్టుతో తోమినా ఆ రంగు పోదు. కాబట్టి పదకొండేళ్ల దాకా ఆ ఊళ్లో పెరిగినవాడి పళ్లు తెల్లగా ఉండే అవకాశం చాలా తక్కువ.

"ఇదెక్కడి నుంచి ఊడిపడ్డది?" అంటే

వివరం అసలు లేకపోవచ్చు, లేదా మలుపుకు ఒక పేజీ ముందు హడావుడిగా వచ్చి ఉండొచ్చు. ఎనిమిది పేజీల కథయితే పళ్ల సంగతి రెండో పేజీ లోపే పడాలి, అప్పటికి పాఠకుడు ఇంకా దేన్నీ అనుమానించడు. ఇంకో కారణం కథ చెప్పే మనిషి. తల్లే "నేను" అని చెబుతూ, తనకు తెలిసిన సంగతి ఏడు పేజీల పాటు దాచిందంటే పాఠకుడికి ఒళ్లు మండుతుంది, అది న్యాయమే. చెల్లెతో చెప్పించండి, అన్న పోయేనాటికి పాలు తాగే పిల్ల, అన్న మొహం గుర్తు లేదు. ఆమె అబద్ధం ఆడక్కర్లేదు, చూసింది చెబితే చాలు.

"నాకు ముందే తెలుసు" అంటే

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఇలా రాసి ఉంటారు:

"అన్న నవ్విండు. ఆయన పళ్లు తెల్లగా మెరిసినయి. మా ఊళ్లో ఎవ్వరికీ అట్లాంటి పళ్లు లేవు."

వాక్యం వాక్యంగా చూడండి. పళ్లు తప్ప ఇక్కడ ఇంకేమీ లేదు, పేరా ఆఖర్లో ఉంది, పైగా రచయితే పక్కన నిలబడి వేలు పెట్టి చూపిస్తున్నాడు. పేరా చివరి మాట మనసులో నిలుస్తుంది. దాచాలనుకున్నదాన్ని అక్కడ పెట్టకూడదు. దాన్ని ఇలా మార్చొచ్చు:

"అన్న బస్సు ముచ్చట చెప్పుకుంట నోరంత తెరిచి నవ్విండు, మేమంత ఎప్పటిలెక్కనే చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వినం, పెద్దమ్మ 'బొంబాయి నీళ్లు మంచిగనే పడ్డయిరా నీకు' అన్నది, అంతల గంప కింది కోడి తప్పించుకొని పొయ్యికాడికి ఉరికింది, నేను దాని ఎన్క ఉరికిన."

పళ్లు అన్న మాటే లేదు. మచ్చల పళ్లున్న ఊళ్లలో ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం చూసినవాళ్లకు తెలుసు, కొత్తగా చదివేవాళ్లకు అది సిగ్గులా కనిపిస్తుంది. వివరం వాక్యం నడుమ పడింది, దాని వెనకే కోడి వచ్చి చూపు లాక్కుపోయింది. అన్నిటికన్నా ముఖ్యం పెద్దమ్మ మాట. తేడా కనిపించగానే పాఠకుడి బుర్ర కారణం వెతుకుతుంది, మనం వెంటనే నమ్మదగ్గ తప్పు కారణం ఒకటి ఇస్తే తీసుకుని ముందుకు పోతాడు. ఖాళీగా వదిలితే మాత్రం అక్కడే కూర్చుని ఆలోచిస్తాడు. చాలామంది వివరాన్ని కనపడకుండా దాచాలని తంటాలు పడతారు గానీ, కనపడనిచ్చి తప్పు అర్థం అంటగట్టడమే నయం.

రెండో సగం ఇంకా ఉంది. పళ్లు తెల్లగా ఉన్నాయన్నది ఒక సంగతి, మచ్చలు తోమితే పోయేవి కావు అన్నది ఇంకో సంగతి. రెండూ ఒకే చోట పెడితే పాఠకుడు అక్కడే లెక్క కట్టేస్తాడు. రెండోది నాలుగో పేజీలో, చెల్లె పెళ్లిచూపుల గొడవలో పెట్టండి. పిల్లగాడి తరఫువాళ్లు పళ్లు చూసి వద్దంటారు, చెల్లె నల్లగొండ పోయి పళ్ల డాక్టర్‌కు చూపించుకుంటే ఆయన "తోమితే పోయేది కాదమ్మా, పన్ను లోపల్నుంచే అట్ల వచ్చింది. పైన తొడుగు వేయొచ్చు, కాని ఖర్చు మీతోని కాదు" అంటాడు. ఆ సీన్ అన్న గురించి కాదు, చెల్లె బాధ గురించి. నిజంగానే దాని గురించి రాయండి, లేకపోతే సాకు కోసం పెట్టినట్టు దొరికిపోతుంది. "బొంబాయిలో తొడుగులు వేయించుకున్నాడేమో" అనే అడ్డు ప్రశ్న కూడా ఆ ఖర్చు మాటతోనే మూసుకుపోతుంది, అన్న వచ్చింది చినిగిన సంచితో, బస్సు కిరాయికి అప్పు చేసి.

"ముందు ఎక్కడ చెప్పినవ్?" అంటే

వివరం ఉంది గానీ మరీ పల్చగా పడింది. మళ్లీ అదే మాట రాయకండి, వేరే రూపంలో ఒకసారి తగిలించండి. ఆరో పేజీలో అన్న జామకాయ కొరికి సగం చెల్లెకిస్తాడు, ఆమె దాన్ని కత్తితో కోసుకుని తింటుంది. రెండుసార్లు చాలు, మూడోసారి తాకితే మళ్లీ "నాకు ముందే తెలుసు" దగ్గరికే పోతాం. ఇక చివర్లో ఫ్లోరైడ్ పాఠం చెప్పే పాత్ర ఎవరూ ఉండకూడదు. తల్లి "ఆడు నవ్విన నాడే ఎర్క నాకు" అంటే సరిపోతుంది.

దీన్ని పరీక్షించాలంటే చివరి పేజీ తీసేసి కథ ఇద్దరికి ఇవ్వండి, ఒకరు మన జిల్లావాళ్లు, ఒకరు ఏ రాజమండ్రి వైపు వాళ్లో. ఏమవుతుందనుకుంటున్నారో అడిగి, తర్వాత చివరి పేజీ ఇవ్వండి. బయటివాళ్లు వెనక్కి తిప్పి కోడి దగ్గరో, డాక్టర్ దగ్గరో వేలు పెట్టగలిగితే వివరం సరిగ్గా కూర్చున్నట్టే. డాక్టర్ దొరికి కోడి దొరకలేదంటే మొదటి సీన్‌లో ఎక్కువ సందడి పెట్టారు, పెద్దమ్మ మాట ఉంచి మిగతాది తగ్గించండి.

మన జిల్లా మనిషి మాత్రం రెండో పేజీలోనే పసిగడతాడు, ఎంత దాచినా లాభం లేదు. అందుకే ఈ కథలో అసలు మలుపు వాడు కొడుకు కాదన్నది కాకూడదు, తల్లికి తెలుసన్నది కావాలి. స్థానిక పాఠకుడు "ముసలమ్మ ఎప్పుడు కనిపెడుతుందో" అని ఎదురుచూస్తూ ఉంటాడు, ఆమె ఎప్పుడో కనిపెట్టింది. దానికి వేరే వివరం నాటాలి. మొదటి రాత్రి తల్లి లాంతరు తెచ్చి వాడి మొహం దగ్గర పెట్టి, చిన్నప్పటి సంగతేదో చెప్పి నవ్విస్తుంది. తప్పు కారణం సిద్ధంగానే ఉంది, ఆమెకు కళ్లల్లో శుక్లాలు, అందరి మొహాలూ అట్లాగే చూస్తుంది. ఆ తర్వాత లాంతరు వత్తి తగ్గించి, "పొద్దుపోయింది, తిను బిడ్డా" అంటుంది. ఈ మాట పేరా చివర్లో పడకుండా, దాని తర్వాత అన్నం వడ్డన, కూర ఏమిటన్నది ఒకటి రెండు వాక్యాలు రాసి అక్కడ ఆపండి.