గ్రిల్ పాన్‌పై పనీర్: చారలు పడవు, ముక్క మాత్రం రబ్బరవుతుంది

సమస్య: ఐదారు నిమిషాలు ఉంచినా చారలు లేతగానే ఉన్నాయి, కొరికితే ముక్క సాగుతోంది

చార పడకపోవడానికీ, ముక్క గట్టిపడడానికీ కారణం ఒకటే: పెనం చాలినంత వేడెక్కలేదు. ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రంగు బాగా రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. మనం చార కోసం ఎదురుచూసే ఆ సమయమంతా లోపలి ప్రొటీన్ బిగుసుకుంటూ నీటిని బయటికి నెట్టేస్తుంది. అందుకే సన్నని మంట మీద ఎక్కువసేపు కాల్చడం పనీర్‌కు అన్నిటికంటే చేటు.

200 గ్రాముల పనీర్ దిమ్మను ఒకటిన్నర సెంటీమీటర్ల మందం బిళ్లలుగా కోయండి. అంతకంటే పలుచనైతే చార పడేలోపే ఎండిపోతాయి. కొద్దిగా ఉప్పు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, తీసి, బట్టతో పూర్తిగా తుడవండి. ఈ తుడవడాన్ని మాత్రం వదిలేయకండి. నూనెను పెనానికి కాకుండా ముక్కలకే పలుచగా రాయాలి. పెనం మీద పోస్తే అది గాడుల్లోకి జారి పొగలు కక్కుతుంది.

పోత ఇనుము పెనమైతే మధ్యస్థపు మంట మీద అయిదు నుంచి ఏడు నిమిషాలు కాగనివ్వండి. నీటి చుక్క వేసినప్పుడు పరుచుకుని నెమ్మదిగా ఆవిరైతే ఇంకా ఆగాలి. పూసలా చుట్టుకుని దొర్లితే ముక్కలు వేయవచ్చు. మొదటి వైపు రెండు నిమిషాలు, రెండో వైపు ఒకటిన్నర నిమిషం చాలు. మధ్యలో కదపకండి, గరిటెతో అదమకండి. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా ఇంతసేపు కాల్చకూడదు, పూత పాడవుతుంది. దాని మీద లేత చారలతో సరిపెట్టుకోవడమే మేలు.

సమస్య: తిప్పబోతే ముక్క అతుక్కుని, చార పెనానికే ఉండిపోతోంది

తొందరపడి తిప్పారన్నమాట. అంచు కింద గరిటె పెట్టి చూడండి. ముక్క సులువుగా లేవకపోతే మరో అర నిమిషం ఆగండి, పైపొర గట్టిపడగానే దానంతటదే వదులుతుంది. పెరుగు మసాలా మందంగా పట్టించినా ఇదే ఇబ్బంది: గట్లకు తగిలేది మసాలాయే, పనీర్ కాదు. కారం మాడి చేదెక్కుతుంది కూడా. నీళ్లు వడకట్టిన పెరుగే వాడి, పెనం మీద వేసేముందు పైపైన తుడిచేయండి.

సమస్య: టోఫూకు అసలు రంగే రావడం లేదు

టోఫూలో నీరు ఎక్కువ. గట్టి రకం తీసుకుని, బట్టలో చుట్టి బరువు కింద ఇరవై నిమిషాలు ఉంచండి. తర్వాత ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చవచ్చు, పనీర్ అంత త్వరగా బిగుసుకోదు. మెత్తని సిల్కెన్ టోఫూ మాత్రం ఈ పెనానికి పనికిరాదు, తిప్పేటప్పుడే విరిగిపోతుంది.

ఇప్పటికే గట్టిపడిపోయిందా?

ఉప్పు వేసిన వేడినీళ్లలో అయిదు నుంచి పది నిమిషాలు వేసి ఉంచండి. పూర్వపు మెత్తదనం మొత్తం తిరిగి రాదు గానీ తినడానికి హాయిగా ఉంటుంది, చారలూ చెరిగిపోవు.