కంపెనీ రికార్డులు చదవడం – 3వ పాఠం: పుట్టిన తేదీ, మొదట పెట్టుకున్న పని

గత పాఠంలో వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే కంపెనీ నంబరును పట్టుకోవడం చూశాం. బ్రాండు పేరుకీ చట్టం దృష్టిలో ఉన్న కంపెనీకీ తేడా ఉంటుందని కూడా అనుకున్నాం. ఇప్పుడు ఆ నంబరు చేతిలో పెట్టుకుని, "మేం ఫలానా ఏడాది నుంచి ఈ పనిలో ఉన్నాం" అనే ప్రకటన రికార్డు ముందు నిలబడుతుందో లేదో చూద్దాం.

సాధనకు బ్రిటన్ రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌నే వాడుకుందాం. అక్కడ కంపెనీలు దాఖలు చేసిన కాగితాల స్కాన్ కాపీలను ఎవరైనా ఉచితంగా తెరిచి చదవొచ్చు. అమెరికాలోని డెలావేర్‌లో అయితే ఉచితంగా దొరికేది పేరు, నంబరు, నమోదు తేదీ లాంటి పైపై వివరాలే. అసలు కాగితం కావాలంటే డబ్బు కట్టాలి. నేర్చుకునే దశలో ఆ ఖర్చు అనవసరం.

ముందుగా ప్రకటనను పదం పదం విడదీసి చదవండి. "స్థాపన 1884" అన్నారా, "1884లో కంపెనీగా నమోదైంది" అన్నారా? మొదటిది చరిత్ర గురించిన మాట. రెండోది రికార్డుతో నేరుగా పోల్చదగ్గ మాట. "మా టీమ్‌కి మొత్తం 60 ఏళ్ల అనుభవం" అన్నది ఈ రెండింట్లో ఏదీ కాదు. ఆరుగురికి తలా పదేళ్లు ఉన్నా లెక్క 60కి వస్తుంది, కంపెనీ పోయిన నెలలో పుట్టినా సరే. ఇలాంటి వాక్యాన్ని రిజిస్ట్రీతో పోల్చడం వృథా. దాన్ని పక్కన పెట్టి, తేదీతోనో కచ్చితమైన పనితోనో ముడిపడిన వాక్యాన్ని ఎంచుకోండి.

ఇప్పుడు నిజమైన కేసు ఒకటి చూద్దాం. బ్రిటన్ దుకాణాల సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ తన పుట్టుకను 1884గా చెప్పుకుంటుంది. వెబ్‌సైట్ అడుగున ఉన్న కంపెనీ నంబరు 214436. కంపెనీస్ హౌస్‌లో ఆ నంబరు కొడితే Incorporated on అన్న చోట కనిపించే సంవత్సరం 1926. షేర్ మార్కెట్లో ఉన్న మాతృసంస్థ పేరులో "గ్రూప్" అన్న మాట అదనంగా ఉంటుంది. దాని నంబరు 4256886, నమోదైంది 2001లో. ఒకే పేరుకి మూడు పుట్టుకలన్నమాట. తొందరపడితే "42 ఏళ్లు కలిపి చెప్పారు" అని రాసేస్తాం. అది తప్పు.

1884లో మైకేల్ మార్క్స్ లీడ్స్ నగరం కర్క్‌గేట్ మార్కెట్లో ఒక స్టాల్ పెట్టాడు. పదేళ్ల తర్వాత, 1894లో, థామస్ స్పెన్సర్ భాగస్వామిగా చేరాడు. 1903లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. ఇవాళ వెబ్‌సైట్ అడుగున నంబరు కనిపించే కంపెనీ 1926లో వచ్చింది. మార్కెట్లో స్టాల్ పెట్టుకోవడానికి కంపెనీ నమోదు అక్కర్లేదు, కాబట్టి 1884కి రిజిస్ట్రీలో జాడ ఉండదు. వ్యాపారం చేతులు మారుతూ, రూపం మారుతూ తెగిపోకుండా సాగింది కనుక "1884" అన్న మాట నిలబడుతుంది. అంటే నమోదు తేదీ ప్రకటన తేదీ కంటే కొత్తదై ఉండటం ఒక్కటే అబద్ధానికి రుజువు కాదు. మధ్యలో ఉన్న ఖాళీని నింపే కాగితం ఉందా అన్నదే అసలు ప్రశ్న. పాత వ్యాపార డైరెక్టరీ, అప్పటి పత్రికా ప్రకటన, భాగస్వామ్యం రద్దయినట్టు ప్రభుత్వ గెజెట్‌లో వచ్చిన నోటీసు లాంటివి ఆ ఖాళీని నింపుతాయి. కంపెనీ సొంత "మా కథ" పేజీ నింపదు, ఎందుకంటే మనం పరీక్షిస్తున్నది దాన్నే.

ఇక్కడ నంబరు గురించి ఒక మాట. ఇంగ్లండ్, వేల్స్‌లలో కంపెనీ నంబర్లు వరుసగా పెరుగుతూ పోతాయి. రెండు లక్షల పద్నాలుగు వేల చిల్లర నంబరు 1926 నాటిది, నలభై రెండు లక్షల చిల్లర 2001 నాటిది. 2016లో వరుస కోటి దాటింది. పేరు మారినా, ప్రైవేటు కంపెనీ పబ్లిక్ అయినా నంబరు మారదు. అందుకే నంబరును చూడగానే వయసు సుమారుగా అంచనాకు వస్తుంది. వందేళ్ల చరిత్ర చెప్పే సంస్థ నంబరు కోటీ ముప్పై లక్షల పైన ఉంటే, ఈ కంపెనీకి ఆ పాత సంస్థతో చుట్టరికం ఏమిటని అడగాలి. మూతబడిన పాత సంస్థ పేరును, ట్రేడ్‌మార్కును మాత్రమే కొనుక్కుని దాని వయసు కూడా తనదే అనుకునే కంపెనీలు ఉన్నాయి.

దీనికి తిరగేసిన మోసం ఇంకోటి ఉంది. ఈ పాఠంలో మీరు ఎక్కువసేపు కూర్చోవాల్సింది దీని మీదే, ఎందుకంటే ఇందులో తేదీ సరిగ్గా సరిపోతుంది.

ఊహించిన కేసు ఒకటి తీసుకుందాం. "2004 నుంచి సౌర ఫలకాలు బిగిస్తున్నాం" అని ఒక సంస్థ అంటోంది. రిజిస్ట్రీ తెరిస్తే నమోదు తేదీ 2004 మార్చి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు Filing history నొక్కి, చిట్టచివరి పేజీకి వెళ్లి, కింది నుంచి పైకి చదవండి. 2005 నుంచి 2018 దాకా ప్రతి ఏడాదీ ఒకటే వరుస: Accounts for a dormant company. అంటే ఆ ఏళ్లలో లెక్కల్లోకి ఎక్కాల్సిన లావాదేవీ ఏదీ జరగలేదని కంపెనీయే చెప్పుకుంది. 2019 జూన్‌లో ఒకే వారంలో నాలుగు కాగితాలు పడ్డాయి. పేరు మార్పు సర్టిఫికెట్, పాత డైరెక్టరు రాజీనామా, కొత్త డైరెక్టరు నియామకం, చిరునామా మార్పు. Previous company names అన్న చోట సౌర విద్యుత్తుతో సంబంధం లేని పాత పేరు కనిపిస్తుంది.

ఇది షెల్ఫ్ కంపెనీ లక్షణం. కంపెనీలను నమోదు చేసి, ఏ పనీ చేయకుండా అలాగే అట్టిపెట్టి, వయసు వచ్చాక అమ్మే ఏజెంట్లు ఉంటారు. కొన్నవాడు పేరు మార్చుకుంటాడు. నమోదు తేదీ మాత్రం పాతదే ఉండిపోతుంది. దీన్ని కొనడం నేరం కాదు. ఆ తేదీని అనుభవంగా చూపించడం దగ్గరే పేచీ.

పని వివరం కూడా ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. బ్రిటన్‌లో ప్రతి కంపెనీ తన వ్యాపార రకాన్ని అయిదంకెల కోడ్‌తో చెప్పాలి. 99999 అంటే నిద్రాణ కంపెనీ. 43210 అంటే విద్యుత్ బిగింపు పని. కంపెనీ పేజీ మీద ఇవాళ్టి కోడ్ మాత్రమే కనిపిస్తుంది, అందుకే అది మనల్ని మోసగిస్తుంది. కంపెనీ ఏటా తన వివరాలతో దాఖలు చేసిన పాత వార్షిక రిటర్నులను, 2016 నుంచి వాటి స్థానంలో వచ్చిన Confirmation statementలను ఒక్కొక్కటిగా తెరిస్తే, మన ఊహా కేసులో 2018 దాకా నిద్రాణ కోడే, ఆ తర్వాత 43210 కనిపిస్తాయి. కోడ్ మారిన ఏడాదీ పేరు మారిన ఏడాదీ ఒకటే అయితే, ఈ పని అప్పుడే మొదలైందన్నదాంట్లో ఇక పెద్దగా అనుమానం అక్కర్లేదు.

అసలు మొదట్లో ఏ పని కోసం పెట్టారన్నది తెలియాలంటే, పాత కంపెనీలకు మెమోరాండం, అంటే నమోదు సమయంలో దాఖలు చేసిన స్థాపన పత్రం, చదవాలి. 2009 అక్టోబరుకు ముందు నమోదైన కంపెనీల మెమోరాండంలో ఉద్దేశాల క్లాజు తప్పనిసరిగా ఉండేది. అది ఒక్కోసారి పేజీలకు పేజీలు సాగుతుంది. క్లాజులో లేని పని కంపెనీ చేస్తే ఆ ఒప్పందం చెల్లదని 1875లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ తీర్పు చెప్పింది. దాంతో లాయర్లు భూమి మీద ఉన్న ప్రతి వ్యాపారాన్నీ అందులో ఎక్కించడం మొదలుపెట్టారు. కాబట్టి క్లాజులో ఎక్కడో మూల "విద్యుత్ పరికరాలు" అని కనిపించినంత మాత్రాన ఆ పని చేశారని అనుకోకండి. మొదటి ఉపక్లాజు చూడండి, సాధారణంగా అసలు పని అక్కడే ఉంటుంది. మిగతాది చాలావరకు ఎవరి నమూనా నుంచో దించిన పాఠం.

1991 నుంచి ఇంకో అవకాశం వచ్చింది. "సాధారణ వాణిజ్య కంపెనీగా వ్యాపారం చేయడం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. షెల్ఫ్ కంపెనీలకు ఇది బాగా కలిసొచ్చింది, ఎవరు కొంటారో ముందు తెలియదు కదా. 2009 అక్టోబరు తర్వాత పుట్టిన కంపెనీలకైతే, ప్రత్యేకంగా హద్దులు పెట్టుకుంటే తప్ప, ఉద్దేశాలకు పరిమితే లేదు. వాటి మెమోరాండం ఒక పేజీ కాగితం, పని గురించి అందులో ఏమీ దొరకదు. 2016 జూన్ చివరి నుంచి నమోదు దరఖాస్తులోనే వ్యాపార కోడ్ అడుగుతున్నారు కనుక, ఆ తర్వాత పుట్టిన కంపెనీల మొదటి ఉద్దేశం అక్కడ చూడొచ్చు. 2009కీ 2016కీ మధ్య పుట్టినవాటికి మొదటి వార్షిక రిటర్నే దిక్కు.

కోడ్‌ను కూడా గుడ్డిగా నమ్మకండి. దాన్ని ఎంచుకునేది కంపెనీయే. ఫారం నింపిన గుమస్తా దగ్గర్లో ఉన్న కోడ్ ఏదో వేసి వదిలేసిన సందర్భాలు బోలెడు. అందుకే కోడ్ ఒక్కటే తేడాగా ఉంటే దాని మీద కేసు కట్టకూడదు. లెక్కలు, పేరు, డైరెక్టర్లు, కోడ్ అన్నీ ఒకే సమయంలో ఒకే వైపు చూపించాలి.

చివరగా, కనుగొన్నదాన్ని ఎలా రాయాలి? మన ఊహా కేసులో "ఈ సంస్థ అబద్ధం చెబుతోంది" అని రాస్తే, "కంపెనీ ఖాళీగా ఉన్నా మా నాన్న సొంత పేరు మీద 2004 నుంచి ఈ పనే చేశాడు" అని జవాబు రావచ్చు, అది నిజం కూడా కావచ్చు. సొంత పేరు మీద చేసిన వ్యాపారం కంపెనీస్ హౌస్‌కి చేరదు. కనుక ఇలా రాయండి: "ఈ కంపెనీ 2004లో నమోదైంది. 2018 దాకా నిద్రాణమని తానే దాఖలు చేసింది. 2019లో పేరు, డైరెక్టరు, వ్యాపార కోడ్ మారాయి. 2004 నుంచి ఈ పని చేసినట్టు ఆధారం చూపమని సంస్థను అడిగాం." వాళ్లు పాత ఇన్‌వాయిస్ చూపిస్తే దాన్ని కూడా రాయండి. దాని మీద ఏ పేరు, ఏ కంపెనీ నంబరు ఉందో మాత్రం చూసుకోండి.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: "స్థాపన" సంవత్సరాన్ని గొప్పగా వేసుకునే బ్రిటిష్ సంస్థ ఒకదాన్ని ఎంచుకోండి. ఒక కాగితాన్ని మూడు గడులుగా విభజించి, మొదటి గడిలో ప్రకటన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు దించుకోండి. రెండో దాంట్లో రికార్డు చెప్పేది, కాగితం తేదీతో సహా రాయండి. మూడో దాంట్లో ఈ రెంటి మధ్య ఖాళీ ఎన్నేళ్లో, దాన్ని ఏ కాగితం నింపగలదో రాయండి. చాలా పాత కంపెనీల తొలి కాగితాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోవచ్చు, అప్పుడు ఆ గడి ఖాళీగానే వదిలేయండి. 4వ పాఠంలో ఈ కాగితంతోనే మొదలుపెట్టి, ఆ కంపెనీ వెనక ఉన్న యజమానుల దాకా వెళ్దాం.