అద్దె ఒప్పందం రాసే ముందు: గడువు, నోటీసు, డిపాజిట్ దగ్గర జాగ్రత్తలు

కాంట్రాక్ట్ డ్రాఫ్టింగ్ నేర్చుకునేవాళ్లకు మొదట్లో ఇచ్చే అభ్యాసం చాలాసార్లు అద్దె ఒప్పందమే. దిద్దేటప్పుడు నాకు కనిపించేది ఇది: పార్టీల పేర్లు, ఇంటి చిరునామా, అద్దె మొత్తం దగ్గర పెద్దగా తప్పులుండవు. గడువు, నోటీసు, డిపాజిట్ క్లాజుల దగ్గరికి వచ్చేసరికి దెబ్బతింటారు. ఆ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి వదులైతే మిగతా రెండూ నిలబడవు. అందుకే ఇక్కడ వాటి గురించే చెబుతాను.

అభ్యాసంలో ఇచ్చిన వివరాలు ఇవి అనుకుందాం. అద్దె నెలకు 10,000. డిపాజిట్ 20,000. 2025 మార్చి 1 నుంచి 12 నెలలు. ఎవరైనా నెల రోజుల నోటీసుతో ముగించుకోవచ్చు. పాత నమూనా తెచ్చి పేర్లు మార్చే పని పెట్టుకోకండి. ముందు ఈ వివరాలను ఒక కాగితం మీద రాసుకుని, ఇల్లు ఉన్న చోటి అద్దె చట్టంతో సరిచూసుకోండి. కొన్నిచోట్ల డిపాజిట్‌కు పరిమితి ఉంటుంది, కొన్నిచోట్ల కనీస నోటీసు ఇంత అని ఉంటుంది. చట్టం కుదరదన్నదాన్ని మీరు ఎంత అందంగా రాసినా చెల్లదు.

మాటల విషయానికొస్తే, మనం మాట్లాడేటప్పుడు డిపాజిట్‌ను కూడా అడ్వాన్స్ అనేస్తాం. ఒప్పందంలో ఆ అలవాటు ప్రమాదం. మూడో క్లాజులో 'డిపాజిట్' అని, ఏడో క్లాజులో 'అడ్వాన్స్' అని రాస్తే రెండు వేర్వేరు మొత్తాలు అనుకోవచ్చు. అడ్వాన్స్ అంటే ముందుగా కట్టిన అద్దె కాబట్టి అది చివరి రెండు నెలలకు సరిపోయిందని అద్దెదారు వాదించొచ్చు కూడా. ఒకే పదం పెట్టుకోండి, దాన్ని ఒక్కసారి నిర్వచించండి. 'డిపాజిట్‌ను అద్దె కింద సర్దుబాటు చేయకూడదు' అని విడిగా ఒక వాక్యం రాయండి.

క్రియ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 'చెల్లించబడును', 'ఇవ్వబడును' అని రాస్తే దస్తావేజు భాషలా గంభీరంగా ఉంటుంది కానీ, ఆ పని ఎవరు చేయాలో మాయమైపోతుంది. 'అద్దెదారు చెల్లించాలి' అంటే బాధ్యత. 'యజమాని మినహాయించుకోవచ్చు' అంటే హక్కు. ప్రతి వాక్యంలో ఎవరు అన్నది కనిపించాలి. అలాగే 'లోపు' అనే మాట చూడండి. '5వ తేదీ లోపు' అంటే 5వ తేదీ కలుస్తుందా? ఒకరు కలుస్తుందంటారు, ఒకరు కలవదంటారు. '5వ తేదీన గానీ అంతకు ముందు గానీ' అని రాస్తే వాదనే లేదు.

ఇక నోటీసు. విద్యార్థులు సాధారణంగా ఇలా రాస్తారు: 'ఈ ఒప్పందం 12 నెలలు అమల్లో ఉంటుంది, తర్వాత మరో 12 నెలలకు పొడిగించబడును, నెల రోజుల ముందు నోటీసు ఇచ్చి రద్దు చేయవచ్చును.' ఈ నోటీసు మొదటి 12 నెలల్లో కూడా ఇవ్వొచ్చా, లేక పొడిగించిన కాలంలోనేనా? వాక్యం చెప్పదు. కెనడాలో రోజర్స్, ఆలియంట్ అనే రెండు టెలికాం కంపెనీల మధ్య కేబుళ్లు కట్టే స్తంభాల వాడకం ఒప్పందంలో సరిగ్గా ఇలాంటి వాక్యమే గొడవైంది. మొదటి ఐదేళ్లలోనే ఒప్పందాన్ని ముగించొచ్చా అన్నది ఒక కామా మీద ఆధారపడింది. 2006లో అక్కడి నియంత్రణ సంస్థ కామాను బట్టి ముగించొచ్చంది. 2007లో ఫ్రెంచ్ ప్రతిని చూసి ఆ నిర్ణయాన్ని తిప్పేసింది. అంత దూరం వెళ్లకుండా ఉండాలంటే గడువు ఒక వాక్యంలో, పొడిగింపు ఇంకో వాక్యంలో, ముగింపు మరో వాక్యంలో ఉండాలి.

క్లాజు రాశాక ఒక కేసు పెట్టి నడిపించి చూడండి. అద్దెదారు ఆగస్టు 12న నోటీసు రాసి పోస్టు చేశాడు. 16న యజమాని ఇంటికి చేరింది. ఆయన ఊళ్లో లేడు, 20న కవరు చించి చదివాడు. ఒప్పందం ఎప్పుడు ముగిసినట్టు? రాసిన రోజు నుంచి లెక్కపెడితే సెప్టెంబరు 11 దగ్గర. చదివిన రోజు నుంచి అయితే 19 దగ్గర. 'నెల'ను పూర్తి అద్దె నెలగా తీసుకుంటే సెప్టెంబరు 30. 11 రోజులకైతే అద్దె 3,667, నెలంతా అయితే 10,000. ఒకే వాక్యంలోంచి ఇన్ని లెక్కలు వచ్చాయంటే క్లాజు పనికిరాలేదని అర్థం. నేనైతే ఇలా రాస్తాను:

'5.1 గడువులో ఎప్పుడైనా, యజమాని గానీ అద్దెదారు గానీ రెండో పక్షానికి రాతపూర్వక నోటీసు ఇచ్చి ఈ ఒప్పందాన్ని ముగించవచ్చు.

5.2 నోటీసు క్లాజు 1లోని చిరునామాకు డెలివరీ అయిన రోజే అందిన రోజు. దాని మర్నాటిని మొదటి రోజుగా లెక్కపెట్టి, 30వ రోజు పూర్తవగానే ఒప్పందం ముగుస్తుంది.

5.3 చివరి నెల పూర్తి కాకపోతే, అద్దెదారు ఆ నెల అద్దెను ఆ నెలలోని రోజులతో భాగించి, ఒప్పందం అమల్లో ఉన్న రోజులకు చెల్లించాలి.'

అదే కేసు మళ్లీ నడిపిద్దాం. 16న అందింది, 17 మొదటి రోజు. ఆగస్టులో 15 రోజులు, సెప్టెంబరులో 15 రోజులు. సెప్టెంబరు 15తో ముగిసింది, ఆ నెల అద్దె 5,000. లెక్క ఎవరు వేసినా ఇదే వస్తుంది.

డిపాజిట్ దగ్గర 'ఖాళీ చేశాక నష్టాలు మినహాయించి తిరిగి ఇవ్వబడును' అని ఆపేస్తే నాలుగు ప్రశ్నలు మిగిలిపోతాయి: ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏ నష్టాలు, రుజువు ఏమిటి. రోజుల లెక్క 'ఖాళీ చేసిన రోజు' నుంచి కాకుండా 'తాళాలు అప్పగించిన రోజు' నుంచి పెట్టండి. ఖాళీ చేయడం నాలుగు రోజులు సాగొచ్చు, తాళాలు చేతులు మారేది ఒక్కసారే, దానికి సంతకం తీసుకోవచ్చు. నష్టాల్లో, రోజువారీ వాడకం వల్ల వచ్చే అరుగుదలకు డిపాజిట్‌లోంచి కోత పెట్టకూడదని స్పష్టంగా రాయండి. మన కేసులో గోడల రంగు వెలిసింది, ఒక కుళాయి విరిగింది, కరెంటు బిల్లు బాకీ ఉంది. రంగు అరుగుదల, దానికి కోత లేదు. కుళాయి మరమ్మతుకు 800, బిల్లుకు 1,200 పోను యజమాని 18,000 తిరిగి ఇవ్వాలి.

ఆ కుళాయి ముందే విరిగి ఉందని అద్దెదారు అంటే? ఇంట్లోకి దిగే రోజు ఏ గదిలో ఏది ఏ స్థితిలో ఉందో ఫొటోలతో సహా జాబితా రాసి, ఇద్దరూ సంతకం చేసి అనుబంధంగా పెట్టుకుంటేనే దానికి జవాబు. కరెంటు బిల్లులో ఇంకో చిక్కుంది. చివరి నెల బిల్లు, డిపాజిట్ తిరిగి ఇచ్చే రోజు దాటాక రావచ్చు. అప్పుడు యజమాని తోచినంత ఉంచేసుకుంటాడు. కాబట్టి తాళాలు అప్పగించే రోజున మీటరు రీడింగును ఇద్దరూ రాసుకుని, దాన్నిబట్టే ఆ బిల్లు లెక్కగట్టాలని ఆ క్లాజులోనే చేర్చండి.